తొంభై మూడు దగ్గర మొదలైన గీత

మా ఆయన సహకార పరపతి సంఘంలో ఇరవై ఆరేళ్ళు గుమాస్తాగా పనిచేశారు. అన్నం డబ్బాతో పాటు సంచిలో ఒక అడుగు పొడవు చెక్క స్కేలు పెట్టుకోకుండా ఏ రోజూ గడప దాటలేదు. ఆఫీసులో అందరూ ఆయన్ని "స్కేలు" అనేవాళ్ళు. మొహం మీదే అనేవాళ్ళు. ఆయన పలికేవారు కూడా. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

"పేరు పెట్టి పిలవడానికి వాళ్ళ నోళ్ళకేం రోగం?" అంటే, "పోనీలేవే, సుత్తి అనలేదు కదా" అని నవ్వేవారు.

ఆయన పోయి పదకొండు నెలలైంది. పోయినవాళ్ళని దేవుళ్ళని చేసి రాయడం నాకు చేతకాదు. ఆయన దేవుడేం కాదు. పప్పులో ఉప్పు తక్కువైతే రెండు పూటలు మూతి ముడుచుకునే మనిషి. కానీ ఆ చార్టు విషయంలో ఆయనకి జరిగింది అన్యాయం. అది తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు, చెప్పేవాళ్ళు లేరు. అందుకని రాస్తున్నాను. నేను చదువుకున్నది ఏడో తరగతి వరకే. శాతాలూ గీతలూ నాకు ఆయన చెప్పగా తెలిసినవే.

సంఘంలో అయిదు విభాగాలు ఉన్నాయి. దుకాణాల వాళ్ళు, పాల వాళ్ళు, కుట్టుపని వాళ్ళు, తోపుడుబండ్ల వాళ్ళు, ఇస్త్రీ వాళ్ళు. ఎవరి విభాగం నుంచి వాళ్ళు అప్పు తీసుకుంటారు, నెలనెలా కడతారు. గడువులోపు కట్టవలసిన ప్రతి వంద రూపాయల్లో ఎంత వచ్చిందో దాన్ని వసూలు శాతం అంటారు. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశంలో ఆ శాతాలు చదువుతారు.

ఆ చార్టు వేసిన ఏడు సంఘం దగ్గర డబ్బు బిగుసుకుపోయింది. దుకాణాల వాళ్ళు గోదాములు కట్టుకోవడానికి పెద్ద అప్పులు అడిగారు. అధ్యక్షుడూ దుకాణాల మనిషే. ఎవరికో ఒకరికి కోత పెట్టాలి. ఇస్త్రీ విభాగానికి ఇక అప్పులు ఆపేయాలని తీర్మానం తయారు చేసి పెట్టుకున్నారు. ఓటుకి పెట్టడమే తరువాయి.

ఇస్త్రీ విభాగంలో మా వీధి చివర కొట్టు ఉన్న ఆవిడ ఒకరు. నన్ను వదినా అనేది, ఆయన్ని అన్నయ్యా అనేది. ఇరవై ఏళ్ళు బొగ్గుల పెట్టె మోసి ఆవిడ కుడి భుజం ఎడమ దానికంటే కిందకి దిగిపోయింది. డాక్టరు ఇక ఆ బరువు ఎత్తొద్దన్నాడు. ఆవిరి ఇస్త్రీ యంత్రం కొనుక్కోవడానికి నలభై వేలు అప్పుకి దరఖాస్తు పెట్టుకుంది. తీర్మానం గెలిస్తే ఆ దరఖాస్తు చెత్తబుట్టలోకే. కొట్టు మూసుకోవలసిందే. ఆవిడ ఇంట్లో సంపాదించే చెయ్యి అదొక్కటే.

సమావేశం ఆదివారం. ముందు గురువారం నాడు ఆఫీసు హాల్లో పెద్ద చార్టు తగిలించారు. ఎప్పుడూ చార్టు గీసేది మా ఆయనే. ఆ ఏడు కార్యదర్శి కంప్యూటర్లో చేయించాడు. రంగురంగుల అయిదు నిలువు కడ్డీలు. దుకాణాల కడ్డీ ఆకాశానికి లేచింది. ఇస్త్రీ కడ్డీ పొయ్యి పక్కన పిల్లిలా కింద ముడుచుకుని ఉంది. పైన పెద్ద అక్షరాలతో "అప్పుల వసూలు", అడుగున చిన్న అక్షరాలతో "తయారు చేసినవారు: గుమాస్తా" అని వేశారు.

"అన్నం సయించలేదేంటి?" అని అడిగాను ఆ పూట. డబ్బాలో సగం అలాగే తెచ్చారు.

"నా పేరు మీద అబద్ధం గోడకెక్కింది" అన్నారు.

విషయం ఇది. ప్రతి కడ్డీ నెత్తిన చీమంత అంకెల్లో శాతం వేశారు. దుకాణాలు తొంభై ఏడు పాయింటు ఆరు. ఇస్త్రీ తొంభై నాలుగు పాయింటు ఒకటి. మిగతా మూడూ ఆ మధ్యలోనే. అంటే వందకి మూడున్నర రూపాయలు తేడా. కానీ కడ్డీలు చూస్తే ఒకటి ఇంకోదానికి నాలుగింతలు పైన ఉంది. ఎడమ పక్క నిలువు గీత మీద ఉండాల్సిన అంకెలు లేవు. కింద ఎక్కడ మొదలైందో చెప్పే అంకె లేదు.

అందరూ టీకి వెళ్ళినప్పుడు ఆయన స్కేలు తీసి కొలిచారు. దుకాణాల కడ్డీ పద్దెనిమిది పాయింటు నాలుగు సెంటీమీటర్లు. ఇస్త్రీ కడ్డీ నాలుగు పాయింటు నాలుగు. కాగితం మీద తేడా పద్నాలుగు సెంటీమీటర్లు. అసలు తేడా మూడున్నర శాతం. పద్నాలుగుని మూడున్నరతో భాగిస్తే నాలుగు. అంటే ఒక్కో శాతానికి నాలుగు సెంటీమీటర్లు చొప్పున గీశారు. ఆ లెక్కన ఇస్త్రీ కడ్డీ నాలుగు పాయింటు నాలుగు సెంటీమీటర్లంటే ఒకటి పాయింటు ఒక శాతం. తొంభై నాలుగు పాయింటు ఒకటిలోంచి దాన్ని తీసేస్తే తొంభై మూడు.

"గీత తొంభై మూడు దగ్గర మొదలైంది. సున్నా నుంచి తొంభై మూడు దాకా ఉన్నది మొత్తం కోసి పారేశారు" అన్నారు.

నాకు వెంటనే ఎక్కలేదు. "కోస్తే అందరిదీ కోశారుగా? తేడా అదేగా మిగిలింది?"

ఆయన నన్నూ, మా చెల్లెల్నీ ఉదాహరణకి తెచ్చారు. "మీ ఇద్దరికీ ఎత్తులో రెండంగుళాల తేడా. మిమ్మల్ని గోడ వెనక నిలబెట్టాననుకో. నీ నెత్తి ఒక్క అంగుళం కనపడుతుంది, దానిది మూడంగుళాలు కనపడుతుంది. అది నీకు మూడింతల పొడుగంటే ఒప్పుకుంటావా? కడ్డీ బొమ్మలో పొడవే మాట. మొత్తం పొడవు చూపించకపోతే మాట సగంలో నొక్కేసినట్టే."

అప్పుడు అర్థమైంది. ఆ హాల్లో వెనక వరసల్లో కూర్చునేది ఎవరు? ఇస్త్రీ వాళ్ళు, బండ్ల వాళ్ళు, నాలాంటి ఆడవాళ్ళు. అంత దూరం నుంచి చీమంత అంకెలు మాకు కనపడతాయా? రంగు కడ్డీలే కనపడతాయి.

ఇక్కడ ఆయన తప్పు కూడా ఒకటి ఉంది. దాచను. ఆయన కూడా ఏళ్ళ తరబడి ఒక కాగితం తొంభై నుంచే గీసేవారు. అయితే అది ఒక విభాగం వసూలు నెలనెలా ఎలా కదులుతోందో ఆఫీసులో చూసుకోవడానికి. కడ్డీలు కాదు, చుక్కలు పెట్టి గీతతో కలిపేవారు. అంకెలన్నీ వేసేవారు. కింద, గీత మొదట్లో, రంపం పళ్ళలా ఒక వంకర గుర్తు పెట్టేవారు. ఇక్కడ కొంత భాగం వదిలేశాం, చూసుకోండి అని దాని అర్థం. అది చూసి చూసి కార్యదర్శికి తొంభై నుంచి గీయొచ్చన్న సంగతి గుర్తుండిపోయింది. వంకర గుర్తు సంగతి గుర్తులేదు.

మర్నాడు ఆయన ముందు ఆ చార్టు తీసిన కంప్యూటర్ ఆవిడని అడిగారు.

"నేనేం కొయ్యలేదు గురువుగారూ" అందిట ఆవిడ. "అంకెలు దగ్గర దగ్గరగా ఉంటే కంప్యూటరే కింద కోసి చూపిస్తుంది. పక్కన అంకెలు వచ్చాయి. గజిబిజిగా ఉన్నాయి తీసెయ్యమన్నారు కార్యదర్శి సారు."

అంటే కోసింది యంత్రం. దాచింది మనిషి.

కార్యదర్శి గదిలోకి వెళ్ళి స్కేలు బల్ల మీద పెట్టి లెక్కంతా చెప్పారట.

"అంకెల్లో తప్పుందా?" అని అడిగాడు కార్యదర్శి.

"లేదు సార్."

"మరింకేంటయ్యా నీ గోల? శాతాలు పైన రాశాంగా. చదువుకునేవాడు చదువుకుంటాడు."

"చదివేవాడి కోసం అయితే బొమ్మెందుకు సార్? సున్నా నుంచి గీయిద్దాం. లేదా నా పేరు తీసెయ్యండి."

"సున్నా నుంచి గీస్తే అన్నీ ఒకలాగే కనపడతాయి. ఇక చార్టు దేనికి?"

"ఒకలాగే ఉన్నాయి కాబట్టే ఒకలాగే కనపడతాయి సార్."

కార్యదర్శి నవ్వాడట. "స్కేలూ, నీకింకా ఆరేళ్ళ సర్వీసుంది. వెళ్ళి వసూళ్ళ రిజిస్టరు చూసుకో."

ఆ మాటలు ఇంటికొచ్చి నాకు చెప్పారు. నాకు కోపం వచ్చింది. తెలియక చేస్తే పొరపాటు. తెలిశాక, చెప్పాక, నవ్వి అలాగే ఉంచితే దాన్నేమంటారు? ఒకావిడ భుజం మీద నిలబడి గోదాములు కట్టుకోవడమంటారు.

శనివారం మధ్యాహ్నం ఆయన ఆరు డ్రాయింగు షీట్లు కొనుక్కొచ్చారు. "మైదా జిగురు ఉడికించి పెట్టు" అన్నారు.

"దేనికండీ?"

"కోసిపారేసింది అతికించడానికి."

వాళ్ళు గీసిన లెక్క మార్చకుండా, ఒక్కో శాతానికి నాలుగు సెంటీమీటర్ల చొప్పునే, తొంభై మూడు నుంచి కిందకి సున్నా దాకా గీద్దామన్నారు. తొంభై మూడు నాలుగులు మూడు వందల డెబ్భై రెండు. అంటే మూడున్నర మీటర్ల పైన కాగితం. ముందు గదిలో కుర్చీలు బయట పెట్టేశాం. షీట్లు ఒకదానికొకటి అతికించాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని అయిదు కడ్డీలూ కిందకి పొడిగించారు. నేను రంగులు నింపాను. రంగు పెన్సిళ్ళు అరిగిపోయి చివర్లో ఇస్త్రీ కడ్డీకి బట్టలకి పెట్టే నీలిమందు కలిపి పూశాను. ప్రతి పది శాతానికీ పక్కన అంకె వేశారు. అడుగున ఇంత లావున సున్నా.

"ఏవండీ, ఇంత తోక పట్టుకెళ్తే మనల్ని చూసి నవ్వరూ?"

"నవ్వనీ. నవ్వినా చూస్తారుగా."

ఆదివారం హాలు నిండిపోయింది. నాకూ సంఘంలో ఒక వాటా ఉంది, ఎప్పుడో ఆయనే కొన్నారు. కాబట్టి నేనూ సభ్యురాలినే. చుట్ట చుట్టిన కాగితం ఒళ్ళో పెట్టుకుని వెనక వరసలో ఇస్త్రీ ఆవిడ పక్కన కూర్చున్నాను.

"వదినా, చాపా అది?" అంది.

"కాసేపాగు."

అధ్యక్షుడు లేచాడు. కర్రతో దుకాణాల కడ్డీ తట్టాడు, ఇస్త్రీ కడ్డీ తట్టాడు. "నేను చెప్పేదేం లేదు. మీ కళ్ళతో మీరే చూడండి. సంఘం డబ్బు ఎవరు నిలబెడుతున్నారో, ఎవరు ముంచుతున్నారో. ఇది ఎవరి మీదా కక్ష కాదు."

హాలంతా తలలు వెనక్కి తిరిగి మా వరస కేసి చూశాయి. ఇస్త్రీ ఆవిడ కొంగు తల మీదకి లాక్కుంది. ఎప్పుడూ ఎవరికీ తలవంచని మనిషి. ఏ నెలా ఎగ్గొట్టకుండా కట్టిన మనిషి. ఆవిడ తల వంచుకునేలా చేసింది ఆ నాలుగున్నర సెంటీమీటర్ల అబద్ధం.

మా ఆయన లేచారు. "అధ్యక్షా, చార్టు కింద నా పేరుంది. నేను గీయలేదు. నా పేరు మీద ఉంది కాబట్టి పూర్తి చేసే హక్కు ఇవ్వండి."

"కూర్చోవయ్యా" అన్నాడు కార్యదర్శి.

"పూర్తి చెయ్యనివ్వండి, పోయేదేముంది?" అన్నాడు పాల విభాగం పెద్దాయన. ఆయనకి గొంతు చాలా పెద్దది. ఇక ఎవరూ ఆపలేకపోయారు.

నేను లేచి కాగితం తీసుకెళ్ళాను. ఆయన పై అంచుని చార్టు అడుగున, కడ్డీకి కడ్డీ కలిసేలా గుండుసూదులతో గుచ్చారు. నేను చుట్ట విప్పుకుంటూ వెనక్కి నడిచాను. గోడ మీద నాలుగడుగులు దిగింది. అక్కడ నేల మీదకి వంగింది. వేదిక ముందు నుంచి కుర్చీల మధ్య దారిలోకి వచ్చింది. జనం కాళ్ళు పైకి తీసుకున్నారు. మొదటి వరస దాటింది, రెండో వరస దాటింది. మూడో వరస దగ్గర సున్నా వచ్చింది.

ఎవరో పకపకా నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"ఇదీ మొత్తం పొడవు" అన్నారు మా ఆయన. "సున్నా నుంచి దుకాణాల కడ్డీ మూడు వందల తొంభై సెంటీమీటర్లు. ఇస్త్రీ కడ్డీ మూడు వందల డెబ్భై ఆరు. తేడా పద్నాలుగు. అదిగో, గోడ మీద మీరు చూసింది ఆ కొసరే. నేల మీదున్నది వాళ్ళు కట్టిన డబ్బు. దాన్ని చూపించకుండా కొసరు మాత్రం చూపించారు."

ఒక కుట్టుపని ఆవిడ లేచి చార్టు దాకా నడిచి, మళ్ళీ సున్నా దాకా నడిచింది. "ఓరి నాయనో" అంది. అంతే.

అధ్యక్షుడు తెలివైనవాడు. వెంటనే అందుకున్నాడు. "సరే. బకాయి సంగతేంటి? మా వాళ్ళు వందకి రెండున్నర లోపు బకాయి. వాళ్ళు ఆరుకి దగ్గర. రెట్టింపు పైనే కదా? ఇది కూడా అబద్ధమేనా?"

మా ఆయన అధ్యక్షుడి వైపు తిరిగారు.

"అబద్ధం కాదు" అన్నారు. "రెండు పాయింటు నాలుగు, అయిదు పాయింటు తొమ్మిది. దాదాపు రెండున్నర రెట్లు. బకాయిల చార్టు అని పేరు పెట్టి, సున్నా నుంచి గీయండి. నేనే గీసిస్తాను, సంతకం కూడా పెడతాను. వసూలు అని రాసి నాలుగింతలు చూపిస్తే మాత్రం పెట్టను. బకాయి మాట మీరే ఎత్తారు కాబట్టి రూపాయల్లో కూడా చెప్పుకుందాం. ఇస్త్రీ వాళ్ళు కట్టవలసింది ఎనిమిది లక్షలు, బకాయి నలభై ఏడు వేల రెండు వందలు. దుకాణాల వాళ్ళు కట్టవలసింది కోటీ ఇరవై లక్షలు, బకాయి రెండు లక్షల ఎనభై ఎనిమిది వేలు. సంఘాన్ని ముంచే డబ్బు ఎక్కడుందో సభ్యులే చెప్పాలి."

అప్పుడు లేచింది ఇస్త్రీ ఆవిడ. కొంగు తల మీంచి జారింది. సర్దుకోలేదు.

"మాకు ఇళ్ళవాళ్ళు డబ్బులిచ్చేది ఒకటో తారీఖున. మీ గడువు ఇరవై అయిదు. ఇరవై అయిదున నా దగ్గర బొగ్గులుంటాయి, డబ్బులుండవు. అయిదో తారీఖుకల్లా తెచ్చి కడుతున్నాం, ఆలస్యం రుసుముతో సహా. రిజిస్టరు మీ దగ్గరే ఉంది, అన్నయ్యా చదువు."

ఆయన చదివారు. ఆ నలభై ఏడు వేల రెండు వందల్లో నలభై ఒక్క వేలు పది రోజుల్లోపే జమ అయింది.

"అయితే వాళ్ళ గడువు అయిదుకి మార్చండయ్యా, అప్పులాపడం దేనికి!" అని పాల పెద్దాయన అరిచాడు. చేతులెత్తించారు. తీర్మానం ఓడిపోయింది. ఇస్త్రీ వాళ్ళ గడువు అయిదో తారీఖుకి మారింది. నెల తిరిగేసరికి ఆవిడకి నలభై వేలూ వచ్చాయి. యంత్రం కొంది. ఇప్పటికీ నడుపుతోంది.

ఇక్కడితో ఆపితే బాగుండును. కానీ జరిగింది అంతటితో ఆగలేదు.

సభ వివరాల పుస్తకంలో కార్యదర్శి ఏం రాశాడో తెలుసా? "చార్టుపై కొంత చర్చ జరిగినది." చార్టు తప్పన్న మాట లేదు. గీత తొంభై మూడు నుంచి మొదలైందన్న మాట లేదు. అయిదో రోజున మా ఆయనకి ఒక కాగితం ఇచ్చారు. అనుమతి లేకుండా సభలో కాగితాలు పరచి, సభా మర్యాదకి భంగం కలిగించినందుకు ఆ ఏడాది జీతం పెంపు నిలుపుదల. ఆయన జవాబు రాశారు: చార్టు తప్పో ఒప్పో ముందు తేల్చండి, తర్వాత నా మర్యాద సంగతి చూద్దాం అని. దానికి జవాబు రాలేదు. మళ్ళీ రాశారు. అయిదేళ్ళలో పదకొండు ఉత్తరాలు. ఇస్త్రీ ఆవిడ "అన్నయ్యా, మేమంతా కలిసి వెళ్ళి అడుగుతాం" అంటే వద్దన్నారు. "మీరు అడిగితే మీ కోసం చేశానంటారు. నేను చార్టు కోసం చేశాను. నువ్వు అయిదో తారీఖు తప్పకుండా కట్టు, చాలు" అన్నారు.

ఆ పెంపు తిరిగి రాలేదు. రిటైరవడానికి ఏడు నెలల ముందు ఆయనే పోయారు.

కిందటి నెల నాకు రావలసిన డబ్బు లెక్క కట్టి పిలిచారు. కార్యదర్శి మారాడు, కుర్చీ అదే. మనిషి మర్యాదగానే ఉన్నాడు. "కూర్చోండమ్మా, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు. చదివాను. ఆపేసిన పెంపుని ఆపేసినట్టే ఉంచి, ఆ తక్కువ జీతం మీదే అయిదున్నరేళ్ళ లెక్కంతా కట్టారు.

"ఇది ఎక్కడి నుంచి మొదలుపెట్టి కట్టారు బాబూ?" అని అడిగాను.

"రికార్డులో ఉన్న జీతం నుంచమ్మా."

"ఆ రికార్డు తప్పు. ఆయన రాసిన పదకొండు ఉత్తరాలు మీ ఫైల్లోనే ఉన్నాయి. ఒక్కదానికైనా జవాబు రాసి ఇవ్వండి. అప్పుడు పెడతాను సంతకం."

"సంతకం పెట్టకపోతే డబ్బు రాదు కదమ్మా" అన్నాడు జాలిగా.

నాకు ఆ డబ్బు అవసరం. ఇంటద్దె ఉంది, నా మందులున్నాయి. అయినా పెన్ను మూత పెట్టి బల్ల మీద పెట్టేశాను. పన్నెండో ఉత్తరం నేనే రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి, చదవడానికి మాత్రం వస్తాయి.